చమురు ధర కదలకపోయినా ఫండ్ ఎందుకు కరుగుతుంది?

చమురు ఫండ్లలో చాలావాటి దగ్గర చమురు ఉండదు. ఉండేవి ఫ్యూచర్స్ కాంట్రాక్టులు, అంటే ఫలానా నెలలో ఫలానా ధరకు సరుకు తీసుకుంటామన్న ఒప్పందాలు. అమెరికా చమురు డబ్ల్యూటీఐ విషయంలో ఒక్కో కాంట్రాక్టు 1,000 బ్యారెళ్లు. సరుకు అప్పగించే చోటు ఓక్లహోమాలోని కుషింగ్. ఫండ్‌కు ట్యాంకులు లేవు కాబట్టి గడువు ముగియకముందే ఆ కాంట్రాక్టు అమ్మేసి తర్వాతి నెలది కొనాలి. దీన్నే రోల్ చేయడం అంటారు.

తర్వాతి నెలల ధర ఎక్కువగా ఉంటే కాంటాంగో, తక్కువగా ఉంటే బ్యాక్‌వర్డేషన్. ఈ నెల కాంట్రాక్టు 50 డాలర్లు, వచ్చే నెలది 51 డాలర్లు అనుకుందాం. ఫండ్ 1,020 బ్యారెళ్లు అమ్మితే 51,000 డాలర్లు వస్తాయి. వాటితో 1,000 బ్యారెళ్లే దొరుకుతాయి. నష్టం ఇక్కడే జరిగిందని చాలామంది అనుకుంటారు గానీ, ఆ క్షణాన ఫండ్ విలువ పైసా తగ్గలేదు. చమురు ధర 50 దగ్గరే ఆగిపోతే, 51కి కొన్న కాంట్రాక్టు గడువు దగ్గరపడేకొద్దీ 50కి దిగివస్తుంది. అసలు దెబ్బ అదే: 51,000 కాస్తా 50,000 అవుతుంది. నెలకు 2 శాతం కోత చిన్నదే. అదే తేడా ఏడాదంతా కొనసాగితే మాత్రం, చమురు ధర మారకుండానే పెట్టుబడిలో దాదాపు 21 శాతం పోతుంది. ఫండ్ చేతిలోని నగదుపై వచ్చే వడ్డీ ఇందులో కొంత పూడుస్తుంది.

ఆ డాలరు తేడా ఊరికే పుట్టదు. చమురు కొని దాచాలంటే ట్యాంకు అద్దె, బీమా, పెట్టుబడిపై వడ్డీ ఉంటాయి. తేడా ఈ ఖర్చును మించితే వ్యాపారులు ఇప్పుడు కొని, ముందు నెలకు అమ్మి, నడుమ దాచి లాభపడతారు. దాంతో తేడా తగ్గుతుంది. ట్యాంకులు నిండిపోతే ఆ అడ్డూ పోతుంది. 2020 ఏప్రిల్ 20న, కుషింగ్‌లో ఖాళీ దొరకక, మే కాంట్రాక్టు మైనస్ 37.63 డాలర్ల వద్ద ముగిసింది.

సరుకు కొరతగా ఉండి ఇప్పుడే కావాలన్నప్పుడు బ్యాక్‌వర్డేషన్ వస్తుంది. అప్పుడు 49కి కొన్న కాంట్రాక్టు 50కి ఎక్కుతుంది, కదలని ధర మీదే ఫండ్ లాభపడుతుంది.

2009లో చమురు ధర సుమారు 78 శాతం పెరిగింది. ఆ ఏడాది యునైటెడ్ స్టేట్స్ ఆయిల్ ఫండ్ యూనిట్ ధర పెరిగింది 20 శాతం లోపే. ఫండ్ నిర్వాహకులు మోసం చేయలేదు, చెప్పిన పనే చేశారు. ఇలాంటి ఫండ్ కొనేవారు ముందుగా ఈ నెల, వచ్చే నెల కాంట్రాక్టుల ధరలు పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. రెండోది బాగా ఎక్కువగా ఉంటే, చమురు కనీసం అంత వేగంగా పెరుగుతుందన్న నమ్మకం లేనివారు అందులోకి దిగకపోవడమే మేలు.