మెట్టు, గోడ: ఒక ముగింపు పేరా కథ

మా అక్క కూతురు ఎం.ఎ. చరిత్ర చివరి సెమిస్టర్‌లో ఉంది. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు నలభై పేజీల ప్రాజెక్టు పేపరు నా చేతిలో పెట్టి, "మావయ్యా, అంతా అయిపోయింది, ముగింపు ఒక్కటి చూసిపెట్టు" అంది. పేపరు పేరు 'కుల నిర్మూలనలో మత సంస్కరణోద్యమాల పాత్ర'. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కదా, అలవాటు కొద్దీ ముందు చివరి పేజీయే తిప్పాను. అక్కడ ఇలా ఉంది:

"ఈ పేపరు మొదటి అధ్యాయంలో బ్రహ్మ సమాజం గురించి, రెండో అధ్యాయంలో నారాయణ గురు ఉద్యమం గురించి, మూడో అధ్యాయంలో ఆది ఆంధ్ర ఉద్యమం గురించి చర్చించాం. ఈ ఉద్యమాలన్నీ కులవ్యవస్థను వ్యతిరేకించాయి. వీటి ఫలితంగా సమాజంలో గొప్ప మార్పు వచ్చింది. అయినా నేటికీ కులం పూర్తిగా పోలేదు."

ఇందులో తప్పేమీ లేదు. చిక్కల్లా అదే. పేపరు చదవకుండానే ఎవరైనా ఈ నాలుగు వాక్యాలూ రాసేయగలరు. మొదటి వాక్యమైతే విషయసూచికనే భూతకాలంలోకి మార్చినట్టుంది. నలభై పేజీల్లో పోగుచేసిన ఆధారాలు ఒకదాన్నొకటి ఎక్కడా తాకలేదు.

ఆమెను రంగు పెన్సిళ్లు తెమ్మన్నాను. బ్రహ్మ సమాజానికి నీలం, నారాయణ గురుకు ఆకుపచ్చ, ఆది ఆంధ్రకు ఎరుపు. ముగింపులో ఏ వాక్యం ఏ ఉద్యమం గురించి మాట్లాడితే దాని కింద ఆ రంగు గీయమన్నాను. మొదటి వాక్యంలో మూడు రంగులూ పక్కపక్కన పడ్డాయి కానీ అవి పేర్ల జాబితా మాత్రమే. మిగతా వాక్యాల కింద ఏ రంగు గీయాలో ఆమెకు తోచలేదు. ఒకే వాక్యంలో రెండు రంగులు కలిసి, ఆ రెంటికీ ఉన్న సంబంధాన్ని ఆ వాక్యం చెబుతుంటేనే ఆధారాలు సమన్వయమవుతున్నట్టు లెక్క. ఒంటిరంగు వాక్యాలే వరసగా ఉంటే అది సారాంశం. ఏ రంగూ పడకపోతే అది ఉపన్యాసం.

"మరి ఏం కలపాలి? మూడూ మూడు చోట్ల జరిగాయి, మూడు కాలాల్లో జరిగాయి" అంది. న్యాయమైన ప్రశ్నే. అందుకని ముగింపు పక్కన పెట్టి, లోపలి అధ్యాయాల్లోకి వెళ్లాం. ఒక్కో ఉద్యమాన్ని ఒకే ప్రశ్న అడుగుదామన్నాను: కులంలో ఏది కదిలింది, ఏది కదల్లేదు?

బ్రహ్మ సమాజంలో గొడవ జంధ్యం దగ్గర మొదలైంది. జంధ్యం వేసుకున్నవాళ్లు వేదిక మీద కూర్చుని ఉపాసన నడపవచ్చా అన్న విషయంలో దేవేంద్రనాథ్ టాగూరుకూ, యువకుడైన కేశవచంద్ర సేన్‌కూ పొసగలేదు. 1866లో సమాజం రెండుగా చీలింది. కేశవచంద్ర వర్గం కులాంతర వివాహాల దాకా వెళ్లింది, వాటికి చట్టబద్ధత కావాలని అడిగింది. 1872లో చట్టమైతే వచ్చింది కానీ అందులో ఒక మెలిక ఉంది. ఆ చట్టం కింద పెళ్లి చేసుకునేవాళ్లు తాము హిందూ మతాన్ని అవలంబించడం లేదని ప్రకటించాలి. ఈ మెలిక ఆమె పేపరు పదకొండో పేజీలో, అధోసూచికలో దాక్కుని ఉంది. నాకు మాత్రం ఆ అధ్యాయం మొత్తంలో అంతకన్నా విలువైన ఆధారం కనబడలేదు. పెళ్లిలో కులాన్ని దాటాలంటే మతం గడప కూడా దాటాల్సి వచ్చిందన్నమాట.

నారాయణ గురు కథ వేరు. ఈళవ కులంలో పుట్టిన ఆయన 1888లో అరువిప్పురంలో, నెయ్యారు ఒడ్డున శివలింగాన్ని ప్రతిష్ఠించాడు. ప్రతిష్ఠ చేసే అర్హత బ్రాహ్మణులదేనన్న కట్టుబాటును ఆ ఒక్క పనితో దాటేశాడు. 1903లో శ్రీనారాయణ ధర్మ పరిపాలన యోగం ఏర్పడింది. గుళ్లు, బళ్లు, సంఘాలతో ఈళవలు తిరువాన్కూరులో లెక్కచేయక తప్పని బలంగా ఎదిగారు. ఇదంతా ఆమె బాగా రాసింది. ఆ అధ్యాయంలోనే 1917 నాటి ఇంకో సంఘటన కూడా ఉంది. కొచ్చి రాజ్యంలోని చెరాయిలో గురు శిష్యుడు, ఈళవుడే అయిన అయ్యప్పన్ పులయలతో కలిసి సహపంక్తి భోజనం ఏర్పాటు చేశాడు. అతన్ని వెలివేసింది పైకులాలవాళ్లు కాదు, సొంత కులంవాళ్లే. వెక్కిరింపుగా 'పులయన్ అయ్యప్పన్' అన్నారు.

"ఇది నా వాదనకు అడ్డం వస్తోందని ముగింపులో రాయలేదు" అంది నిజాయితీగా. విద్యార్థుల ముగింపులు చప్పబడేది సరిగ్గా ఇక్కడే. అడ్డం వచ్చిన ఆధారాన్ని పక్కకు నెట్టేస్తారు. వాదన ఏ ఆకారం తీసుకోవాలో చెప్పేది ఆ ఆధారమే.

ఇక మూడోది. 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాసభ జరిగింది. అధ్యక్షత వహించినవాడు హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ. పంచములన్న పేరుకు ఆధారమే లేదని, తాము ఈ నేలకు మొదటి బిడ్డలమని వాదించి, సభ పేరును ఆది ఆంధ్రగా మార్చారు. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ పేర్లను అంగీకరించింది. నాలుగు వర్ణాల కింద అయిదో మెట్టుగా ఉన్న పేరును తీసేసి, మెట్లన్నిటికన్నా ముందున్న పేరును పెట్టుకున్నారు. కొసమెరుపు తర్వాత వచ్చింది. ఇవాళ ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ కులాల జాబితా తీస్తే, మాల, మాదిగ లాంటి పేర్లతో పాటు 'ఆది ఆంధ్ర' కూడా ఒక కులంగా నమోదై కనిపిస్తుంది.

మూడూ పక్కపక్కన పెట్టి చూసేసరికి ఆమెకే తట్టింది. కాసేపు పెన్సిల్ కొరుకుతూ కూర్చుని, "మావయ్యా, నేను కులం అని రాసిన ప్రతిచోటా రెండు వేర్వేరు సంగతులున్నాయి" అంది. ఒకటి, ఎవరు పైన ఎవరు కింద అన్న మెట్టు. రెండు, ఎవరితో తినాలి, ఎవరికి పిల్లనివ్వాలి అన్న గోడ. అరువిప్పురంలోనూ బెజవాడలోనూ కదిలింది మెట్టు. బ్రహ్ములు, అయ్యప్పన్ చెయ్యి పెట్టింది గోడ మీద. ఇంకాస్త ముందుకెళ్తే, ఈళవల సంఘానికి బలాన్నిచ్చింది వాళ్లంతా ఒకే కులం కావడమే. గోడ ఉండబట్టే మెట్టు ఎక్కడం కుదిరింది. గోడను తాకిన బ్రహ్ములు మతం బయటికి వెళ్లాల్సి వచ్చింది, అయ్యప్పన్ కులం బయటికి వెళ్లాల్సి వచ్చింది. ఇది ఏ ఒక్క అధ్యాయం విడిగా చెప్పగలిగే మాట కాదు. మూడూ కలిస్తేనే పుట్టే ఇలాంటి మాటే ముగింపులో ఉండాలి.

ఆ ఊపులో ఆమె మొదటి చిత్తుప్రతి రాసేసింది. అందులో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను: "నారాయణ గురు ప్రతిష్ఠ వల్ల 1936లో తిరువాన్కూరు మహారాజు ఆలయ ప్రవేశ ప్రకటన చేశాడు." 1888కీ 1936కీ మధ్య నలభై ఎనిమిదేళ్లు. గురు 1928లోనే పోయారు. ఈ నడుమ 1924–25 వైకం సత్యాగ్రహం జరిగింది. అది ముగిసేనాటికి గుడి చుట్టూ ఉన్న దారుల్లో మూడు వైపులవి తెరుచుకున్నాయి, తూర్పు వైపుది తెరుచుకోలేదు. శాసనసభలో వాటా కోసం 1930ల్లో నివర్తన ఉద్యమం నడిచింది. ఈళవ నాయకుల్లో కొందరు మతం మారడం గురించి బాహాటంగా మాట్లాడారు. 1935లో యేవలాలో అంబేడ్కర్ తాను హిందువుగా చనిపోనని ప్రకటించాడు. ఇన్ని ఒత్తిళ్లలో దేని పాలు ఎంతో తేల్చే ఆధారం ఆమె పేపర్లో లేదు. ముందు జరిగింది కాబట్టి అదే కారణం అనేస్తే, పరీక్షించేవాడు మొదట వేలు పెట్టేది అక్కడే. 'వల్ల' తీసేసి 'మొదలైన వరుసలో' అని పెట్టమన్నాను. ఒక్క పదమే అయినా వాదన బరువు మారిపోతుంది.

ఆధారాల రకం గురించి కూడా కొంచెంసేపు మాట్లాడుకున్నాం. బ్రహ్మ సమాజానికి ఆమె వాడినవి చదువుకున్నవాళ్లు తమ గురించి తామే రాసుకున్నవి. తిరువాన్కూరుకు ప్రభుత్వ ప్రకటనలు, సంఘం రికార్డులు. ఆది ఆంధ్రకు సభ తీర్మానాలు. తీర్మానం సభలో ఏం కోరుకున్నారో చెబుతుంది, ఆ సాయంత్రం ఇళ్లకు వెళ్లాక ఏం జరిగిందో చెప్పదు. బెజవాడ సభకు వచ్చిన మాల, మాదిగ కుటుంబాల మధ్య తర్వాత వియ్యాలు కుదిరాయా అన్నదానికి ఆమె సేకరించిన కాగితాల్లో జవాబు లేదు. కాబట్టి మూడో ఉద్యమం విషయంలో గోడ కదల్లేదని అనకూడదు, ఈ ఆధారాలతో తేలదని అనాలి. ఈ పరిమితిని చివర క్షమాపణలా అతికించకుండా, వాదన చెప్పిన చోటే చెప్పమన్నాను.

షెడ్యూల్డ్ కులాల జాబితా సంగతి ఆమె ముగింపులోనే మొదటిసారి ప్రస్తావించింది. ముగింపులోకి కొత్త సాక్షిని తేకూడదు, అడ్డుప్రశ్నలు వేసే అవకాశం చదివేవాళ్లకు ఉండదు. దాన్ని మూడో అధ్యాయం చివరికి పంపించాం. 1872 చట్టం మెలిక కూడా అధోసూచిక వదిలి పైపేజీలోకి ఎక్కింది. ముగింపు సరిచేయడమంటే సగం పని పేపరు మధ్యలోనే ఉంటుంది.

రెండు రోజుల తర్వాత ఆమె వాట్సాప్‌లో పంపిన పేరా ఇది:

"ఈ మూడు ఉద్యమాలూ కులాన్ని ఎదుర్కొన్నాయి కానీ కులంలోని ఒకే పార్శ్వాన్ని కాదు. అరువిప్పురం ప్రతిష్ఠ, బెజవాడలో పేరు మార్పు రెండూ కులాల మధ్య హెచ్చుతగ్గుల్ని ప్రశ్నించాయి. రెండు చోట్లా ఆ ప్రశ్నకు బలమిచ్చింది ఒక సముదాయంగా కూడగట్టుకోవడమే. తినడం, పెళ్లి అనే హద్దుల్ని నేరుగా తాకిన బ్రహ్ములు 1872లో మతం బయట నిలబడాల్సి వచ్చింది, చెరాయిలో అయ్యప్పన్ వెలికి గురయ్యాడు. కాబట్టి మెట్టును కదిపిన సంఘబలమే గోడను నిలబెట్టి ఉండవచ్చు. తిరువాన్కూరులో దీనికి సాక్ష్యం గట్టిగానే ఉంది. ఆది ఆంధ్ర విషయంలో తీర్మానాలు, ప్రభుత్వ జాబితాలు పేరు గతిని చూపిస్తాయి తప్ప ఇంటి లోపలి ఆచరణను చూపించవు. దాన్ని తేల్చాలంటే పెళ్లిళ్ల గురించిన కుటుంబ కథనాలు కావాలి."

రంగులు వేసి చూశాను. రెండో వాక్యంలో ఆకుపచ్చ, ఎరుపు. నాలుగో దాంట్లో నీలం, ఆకుపచ్చ. 'ఉండవచ్చు' అన్న మాట దగ్గర వాళ్ల గైడు ప్రశ్నార్థకం పెట్టాడట, ఇంకాస్త గట్టిగా చెప్పమని. ఆమె ఒప్పుకోలేదు. కానీ ఇంకో మార్పు తనంతట తానే చేసింది. మొదటి పేజీకి వెళ్లి, పేపరు పేరులోంచి 'నిర్మూలన' అన్న మాట కొట్టేసింది.