‘మీ గురించి చెప్పండి’ అంటే ఏం చెప్పాలి?

ఢిల్లీలో షాజహాన్ రోడ్డు మీద ధోల్‌పూర్ హౌస్ ఉంది. సివిల్స్ మెయిన్స్ గట్టెక్కినవాళ్లకు యూపీఎస్సీ ఇంటర్వ్యూలు జరిగేది అక్కడే. మెయిన్స్ రాతపరీక్షకు 1750 మార్కులు, ఇంటర్వ్యూకు 275. కమిషన్ సభ్యుల్లో ఒకరు బోర్డు ఛైర్మన్‌గా కూర్చుంటారు, మిగతావాళ్లు ఆయనకు ఇరుపక్కలా ఉంటారు. ఇంటర్వ్యూ ఇంచుమించు అరగంట. రాతపరీక్షలో మీకెన్ని మార్కులొచ్చాయో వాళ్లకు తెలియదు. మీరు నింపి పంపిన దరఖాస్తు వివరాలు మాత్రం వాళ్ల ముందుంటాయి. మీ ఊరు, చదువు, ఉద్యోగం, హాబీలు అన్నీ అందులో ఉన్నవే.

అన్నీ ముందే ఉన్నా కొన్ని బోర్డులు ‘మీ గురించి చెప్పండి’ అని అడుగుతాయి. కొన్ని అలా అడగకుండా, ఛైర్మనే ఆ వివరాలు పైకి చదివి నేరుగా ప్రశ్నల్లోకి వెళతారు. రెండు పద్ధతుల్లోనూ తయారీ ఒకటే, ఎందుకంటే ప్రశ్నలు పుట్టేది ఆ నాలుగు విషయాల్లోంచే. పరిచయంలో మీరు పలికే ప్రతి మాటా తర్వాతి ప్రశ్నకు తలుపు తెరుస్తుంది. ఏ తలుపులు తెరవాలో కొంతవరకు మీ చేతిలో ఉంటుంది. ఈ సంగతి పట్టించుకోని అభ్యర్థులే ఎక్కువమంది కనిపిస్తారు.

కైకలూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయిని ఊహించుకుందాం. సివిల్ ఇంజినీరింగ్ చదివింది, రెండేళ్లు ఉద్యోగం చేసింది. మొదట రాసుకున్న పరిచయం ఇలా ఉంటుంది: ‘ప్రకృతి అందాలకు నెలవైన కైకలూరులో ఒక మధ్యతరగతి కుటుంబంలో పుట్టాను. నాన్న రైతు, అమ్మ గృహిణి. పదో తరగతిలో, ఇంటర్‌లో, బీటెక్‌లో ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. పుస్తకాలు చదవడం, పాటలు వినడం, ప్రయాణాలు నా హాబీలు. ఐఏఎస్ కావడం నా చిన్ననాటి కల. ప్రజాసేవ చేయాలన్నది నా ఆశయం.’

ఇందులో అబద్ధం లేదు, కానీ ఆమె కూడా లేదు. ఊరి పేరు మారిస్తే ఈ మాటలు ఎవరికైనా సరిపోతాయి. మార్కులు ఎలాగూ కాగితం మీద ఉన్నాయి. ‘పుస్తకాలు’ అన్నాక ఈ మధ్య ఏం చదివారని అడుగుతారు, అప్పటికప్పుడు వెతుక్కోవాలి. ‘చిన్ననాటి కల’ అన్నాక, మరి ఇంజినీరింగ్ ఎందుకు చదివారు అన్న ప్రశ్న తప్పదు.

ఇప్పుడు ఆమె తిరగరాసింది చూడండి: ‘మాది ఏలూరు జిల్లా కైకలూరు సర్, కొల్లేరు పక్కనే. మా నాన్న చేపల చెరువు సాగు చేస్తారు. కాకినాడలో సివిల్ ఇంజినీరింగ్ చదివాను. ఆఖరి ఏడాది ప్రాజెక్టు ఉప్పుటేరు మీద చేశాను. వానాకాలంలో కొల్లేటి నీరు సముద్రంలోకి ఎందుకు తొందరగా దిగదన్నది మా అంశం. తర్వాత రెండేళ్లు తాగునీటి పైపులైన్ల పనిలో ఉన్నాను. శీతాకాలంలో ఆటపాక వెళ్లి పక్షులను చూసి, చూసినవి నోటుబుక్కులో రాసుకుంటాను. చేపల రైతులకూ అటవీశాఖకూ మధ్య తగవు చూస్తూ పెరిగాను సర్. నీటి లెక్క ఇంజినీరు వేయగలరు. ఇద్దరినీ కూర్చోబెట్టి నిర్ణయం చేయాల్సింది పాలనాధికారి. ఆ పని చేయాలని వచ్చాను.’

నిదానంగా చెప్పినా నిమిషంలోపే అయిపోతుంది. పొగడ్త ఒక్కటీ లేదు. ఊరు, చదువు, హాబీ, ఆశయం వేర్వేరు గదుల్లో లేకుండా ఒకే నీటి చుట్టూ తిరిగాయి. అందరి జీవితమూ ఇలా ఒక్క దారానికి కుదరదు, కుదిరినట్టు కల్పించనూ కూడదు. ఊరితో సంబంధం లేని హాబీ ఉంటే దాన్ని అలాగే చెప్పడం నయం. కల్పించినది రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది.

అందుకే ప్రతి వాక్యాన్నీ మూడు ప్రశ్నల లోతుకు తవ్వి చూసుకోవాలి. ఉప్పుటేరు అన్నాక: కొల్లేరులోకి వచ్చే వాగులేవి? బుడమేరు, తమ్మిలేరు లాంటివి. బయటికి దారి? ఉప్పుటేరే. మరి నీరు ఎందుకు నిలుస్తుంది? పూడిక, ఆక్రమణలు, సముద్రపు పోటు. ఈ మూడో జవాబు దాకా తడబడకుండా వెళ్లగలిగితే ఆ వాక్యం ఉంచవచ్చు, లేకపోతే తీసేయాలి. పక్షుల సంగతీ అంతే. ఆటపాకలో పెలికాన్లు ఎప్పుడు గూళ్లు పెడతాయి, ఎర్రకాళ్ల కొంగను ఎలా గుర్తుపడతారు అని అడిగితే, నోటుబుక్కు నిజంగా రాసినవాళ్లకు అది కబుర్లు చెప్పినంత తేలిక.

కష్టమైన ప్రశ్న ఆశయం దగ్గర వస్తుంది. కొల్లేరును 1999లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో సరస్సు లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. అభయారణ్యం హద్దు ఐదో కాంటూరు దాకా ఉండాలా, దాన్ని తగ్గించాలా అన్న వాదన అక్కడ ఏళ్ల తరబడి నడుస్తోంది. ఇవి తెలిసిన సభ్యుడు తప్పకుండా అడుగుతారు: ‘మీ నాన్నగారి చెరువు కాంటూరు లోపలా, బయటా?’

కంగారు పుట్టేది సరిగ్గా ఇక్కడే. నాన్నను వెనకేసుకొస్తూ మాట్లాడితే పక్షపాతం, ఆయన్ను వదులుకుని పర్యావరణ ప్రసంగం మొదలుపెడితే నటన. ఆమె ఒక్క క్షణం ఆగి ఇలా అనవచ్చు: ‘బయటే సర్. కానీ లోపల చెరువులు పోగొట్టుకున్నవాళ్లు మా బంధువుల్లో ఉన్నారు. అందుకని నా ఆలోచన కొంచెం రైతుల వైపు మొగ్గవచ్చు, అది నాకు తెలుసు. అక్కడ పనిచేయాల్సి వస్తే ముందు హద్దురాళ్లు, పట్టాలు ఎవరివెక్కడున్నాయో సర్వే రికార్డు తెప్పించుకుంటాను.’ తన మొగ్గు తానే చెప్పేసుకుంది కాబట్టి అవతలివాళ్లు దాన్ని బయటపెట్టాల్సిన పని లేకుండా పోయింది. యూపీఎస్సీ తన ప్రకటనలో వెతుకుతున్నామని చెప్పే లక్షణాల్లో తూకం తప్పని నిర్ణయశక్తి, నైతిక నిజాయతీ ఉన్నాయి. అవి కనబడేది ఇలాంటి జవాబుల్లోనే. కాంటూరు తగ్గిస్తే ఎన్ని ఎకరాలు బయటికొస్తాయని అడిగి, ఆ అంకె ఆమెకు తెలియకపోతే ‘తెలియదు సర్’ అంటే చాలు. ఊహించి చెప్పిన అంకె అంతకు ముందు చెప్పిన మంచి జవాబుల మీద కూడా అనుమానం తెస్తుంది.

నిబ్బరం గురించి ఒక్క మాట. అది గొంతులో కంటే తయారీలో ఉంటుందని నా నమ్మకం. బట్టీ పట్టిన పరిచయాన్ని పసిగట్టడానికి తేలికైన పరీక్ష ఉంది. స్నేహితుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, వాక్యం మధ్యలో ఆపి ప్రశ్న వేయమనండి. జవాబు చెప్పాక ఆగినచోట నుంచి కొనసాగించగలిగితే సరే. మళ్లీ మొదటి వాక్యం నుంచి అందుకోవాలనిపిస్తే, మీ దగ్గరున్నవి పదాలే, విషయం కాదు. అప్పుడు కాగితం పక్కన పెట్టి, ఊరు, ప్రాజెక్టు, పక్షులు, తగవు అని నాలుగు మాటలు మాత్రం గుర్తుంచుకుని రోజుకొక తీరులో చెప్పి చూడాలి. బోర్డు కూడా మధ్యలో ఆపుతుంది, ఆపడం కోపంతో కాదు. ఆ ప్రశ్న వేసినవారి వైపు తిరిగి జవాబు చెప్పాలి, మిగిలిన పరిచయం పూర్తి చేయాలన్న పట్టుదల అక్కర్లేదు.

భాష గురించిన భయం మనవాళ్లలో చాలామందికి ఉంటుంది. మెయిన్స్ తెలుగులో రాసినవాళ్లు ఇంటర్వ్యూ కూడా తెలుగులో ఎంచుకోవచ్చు. దుభాషి సాయం ఉంటుంది. శ్రీకాకుళం జిల్లాకు చెందిన రోణంకి గోపాలకృష్ణ తెలుగు మాధ్యమంలో రాసి, 2016 పరీక్షలో దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. అయితే దుభాషి ద్వారా మాట్లాడేటప్పుడు వాక్యాలు పొట్టిగా ఉండాలి. మూడు విషయాలు ఒకే గుక్కలో చెబితే అందులో ఒకటి దారిలో జారిపోతుంది. కైకలూరు అమ్మాయి పరిచయంలో వాక్యాలు అంత చిన్నవిగా ఉండటానికి అదీ ఒక కారణం.