తెల్లారేసరికి ఆరే బట్టలు

ఆసుపత్రిలో మనిషిని చేర్చాక ఇంటికి ఫోను వెళ్తుంది, నాలుగు జతల బట్టలు పట్టుకు రమ్మని. వచ్చేవాళ్లు బీరువాలో చేతికందినవి సంచిలో కుక్కుకుని బయల్దేరతారు. రెండో రోజుకే ఇబ్బంది మొదలవుతుంది. ఉతికినవి ఆరవు, ఒంటి మీద ఉన్నవి మాసిపోతాయి, మిగిలిన ఒక్క జతా ఏ అర్ధరాత్రో వాంతితో తడుస్తుంది. ఆసుపత్రికి ఏ బట్టలు తీసుకెళ్లాలన్న ప్రశ్నకు నేను చెప్పే సమాధానంలో అందం, ఖరీదు ఎక్కడో చివరన ఉంటాయి. ఎండ తగలని చోట, దండెం లేని చోట, ఈ రాత్రి ఉతికింది రేపు ఉదయానికి ఆరుతుందా లేదా అన్నదే మొదట చూడాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విశాఖలో వానాకాలం. అత్తగారికి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. పది రోజులు వార్డులో ఉండాలి. పగలూ రాత్రీ కోడలే దగ్గరుంటుంది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి, నేత మందంగా ఉన్న నూలు చీర ఉతికితే మర్నాడు సాయంత్రానికి కూడా పూర్తిగా ఆరదు. కిటికీ ఊచల మీద వేస్తే సిస్టర్ ఊరుకోరు. ‘ఏమ్మా, ఇక్కడ ఆరేయకూడదని చెప్పాం కదా’ అంటారు. అలా అనడానికి కారణం ఉంది. తడి బట్ట గాలినీ వెలుతురునూ ఆపుతుంది, నీళ్లు కారి నేల జారుతుంది. ఇక మిగిలేది బాత్రూమ్ తలుపు వెనకున్న కొక్కెం, లేదా మంచం పక్క కుర్చీ వీపు.

ఈ కోడలికి మూడు జతలు చాలు. అయితే మూడింటికీ మూడు పనులు ఉండాలి. ఒకటి ఒంటి మీద, ఒకటి ఆరుతూ, ఒకటి పొడిగా కవర్లో. ఆ మూడోదాన్ని రోజువారీ వంతులో వాడకూడదు. రాత్రి రెండింటికి యూరిన్ బ్యాగ్ ఒలికినప్పుడో, కట్టులోంచి రక్తం అంటినప్పుడో తీసేది అదే. ఈ లెక్క నడవాలంటే ఆరే జత ఒక్క రాత్రిలో ఆరి తీరాలి. బట్ట ఎంపికంతా ఇక్కడే ఉంది.

నూలు చెమటను పీల్చుకుంటుంది, ఒంటికి హాయి. కానీ నీళ్లు బాగా పట్టి ఉంచుకుంటుంది. పాలిస్టర్ చాలా త్వరగా ఆరుతుంది, ఇస్త్రీ అక్కర్లేదు. కానీ చెమట వాసనను వదలదు, ఉక్కగా ఉంటుంది. నా ఓటు పల్చటి నూలుకో, నూలూ పాలిస్టరూ కలిసిన బట్టకో. అరచేతిని బట్ట వెనక పెట్టి వెలుతురుకు చూపితే చేతి నీడ లీలగా తెలియాలి, ఆ మాత్రం పల్చన ఉంటే ఫ్యాన్ గాలికి రాత్రికి రాత్రే ఆరుతుంది. జీన్స్ ఇంట్లోనే ఉండనివ్వండి. నడుము పట్టీ, జేబులు, కుట్లు రెండు రోజులైనా తడిగానే ఉంటాయి. మెత్తటి టర్కీ టవల్‌కు బదులు పల్చటి నూలు తువ్వాలు రెండు పెట్టుకోండి.

చీర తప్ప వేరేది కట్టని పెద్దవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లను నైటీలోకో పంజాబీ డ్రెస్సులోకో మార్చాల్సిన పని లేదు. వాయిల్ చీర చక్కగా సరిపోతుంది. గమనించాల్సింది లోపలి లంగా. చీర ఆరిపోయాక కూడా లంగా నాడా దగ్గర రెండు మడతల గుడ్డ తడిగానే ఉంటుంది. ఆరిందో లేదో వేళ్లతో చూస్తే సరిగా తెలియదు. ఆ మడతను చెంపకు ఆనించి చూడండి, చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే. అలాంటి లంగా కట్టుకుని రోజంతా కూర్చుంటే నడుము చుట్టూ ఒరుసుకుపోతుంది, తామర పట్టుకోవడానికి దారి అవుతుంది. బట్ట నుంచి ముక్కవాసన వస్తుంటే అది చాలాసేపు తడిగా ఉండి అందులో సూక్ష్మజీవులు పెరిగాయని అర్థం. సెంటు కొట్టి లాభం లేదు, మళ్లీ ఉతికి సరిగ్గా ఆరబెట్టాల్సిందే.

లోదుస్తుల విషయం ఎవరూ పైకి మాట్లాడరు కాబట్టి ఇక్కడ చెప్పాలి. నలుగురూ తిరిగే చోట అవి కనపడకూడదని ఆడవాళ్లు తువ్వాలు కింద దాచి ఆరేస్తారు. గాలి ఆడక అవి ఆరవు. ఆ తడివే వేసుకుంటారు, దురద మొదలవుతుంది. దీనికి తేలికైన మార్గం రెండు హ్యాంగర్లు. లోపలి హ్యాంగర్‌కు లోదుస్తులు, ముందు హ్యాంగర్‌కు పల్చటి చున్నీ, రెంటి మధ్యా జానెడు ఎడం. చాటూ ఉంటుంది, గాలీ ఆడుతుంది. పైబట్టలు మూడు జతలైతే, లోదుస్తులు అయిదారు తెచ్చుకోవడం మంచిది.

ఉతకడానికి అందరూ ఉదయమే బాత్రూమ్ దగ్గర వరస కడతారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కాస్త ఖాళీ దొరుకుతుంది. అప్పుడు ఉతికితే ఆరడానికి సాయంత్రమూ రాత్రీ రెండూ కలిసొస్తాయి. సబ్బుపొడి కొంచెమే వేయండి. ఎక్కువ వేస్తే ఉన్న కాసిని నీళ్లతో నురగ పోదు, బట్టలో మిగిలిన సబ్బు ఒంటికి దురద పెడుతుంది. పిండాక ఇంకో పని చేయాలి, దీనివల్లే ఆరే సమయం బాగా తగ్గుతుంది. పొడి తువ్వాలు పరిచి, దాని మీద పిండిన బట్టను పరిచి, రెంటినీ కలిపి చాపలా చుట్టి గట్టిగా మెలిపెట్టండి. చేత్తో పిండగా పోని నీళ్లు తువ్వాల్లోకి వెళ్లిపోతాయి. తువ్వాలు పల్చటిదే కనుక అదీ ఆరిపోతుంది.

ఇక శుభ్రత. ఆసుపత్రిలో రోగాన్ని ఒకరి నుంచి ఒకరికి మోసుకెళ్లేవి ఎక్కువగా చేతులు. బట్టల పాత్ర దాని తర్వాతే. అందుకే చేతులు కడగడానికి అడ్డురాని బట్ట మంచి బట్ట. ఇంగ్లండ్ ఆరోగ్యశాఖ 2007లో ఆసుపత్రి సిబ్బంది మోచేతి కింద చొక్కా చేతులు, గడియారాలు, నగలు ఉండకూడదన్న పద్ధతి తెచ్చింది. దగ్గరుండే మనకూ అది పనికొస్తుంది. చేతులు సబ్బుతో కడగడానికి 40 నుంచి 60 సెకన్లు పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పొడుగు చేతుల కుర్తీ వేసుకుంటే మణికట్టు దాకా రుద్దరు, రుద్దితే అంచు తడుస్తుంది. ఆ తడి అంచే తర్వాత అన్నం కంచానికీ, రోగి చేతి కాన్యులాకూ తగులుతుంది. మోచేతి పైదాకా ఉండే చేతులు కుట్టించుకోండి. చలువ వార్డు చల్లగా ఉంటే పైన ముందు తెరుచుకునే పల్చటి స్వెటర్ వేసుకుని, రోగిని ముట్టుకునే పని వచ్చినప్పుడు విప్పేయండి. గాజులు తీయడం ఇష్టం లేనివాళ్లు కనీసం రాళ్ల ఉంగరాలైనా తీసి ఇంట్లో పెట్టండి. వాటి కింద తడీ మురికీ నిలుస్తాయి.

వేలాడేవన్నీ కట్టుబడి ఉండాలి. పైట భుజం మీద పిన్ను పెట్టి నడుముకు దోపుకోవాలి. వదులు పైట వంగినప్పుడల్లా యూరిన్ బ్యాగ్ కుళాయికి తగులుతుంది. చున్నీ వీల్‌చెయిర్ చక్రంలో చుట్టుకుంటే రోగికీ మనకూ ప్రమాదం, కాబట్టి అది లేకుండా ఉండగలిగే కుర్తీ వేసుకోవడమే మేలు. వెడల్పు పలాజో అంచులు బాత్రూమ్ నేల మీది నీళ్లను పీల్చుకుని వార్డంతా తిరుగుతాయి. అందుకే ప్యాంటు చీలమండ దగ్గర సన్నగా, చీర నేలకు నాలుగు వేళ్లు ఎత్తుగా ఉండాలి. బాత్రూమ్‌కు ఒక జత చెప్పులు, వార్డులో తిరగడానికి మడమకు పట్టీ ఉన్న, అడుగు జారని జత మరొకటి.

రాత్రికి నైటీ సుఖమే, దాన్ని వద్దనను. కానీ ఒంటి గంటకు మందుల చీటీ చేతిలో పెట్టి మందుల షాపుకు వెళ్లమంటే, అదే బట్టతో మెట్లు దిగి వెళ్లగలగాలి. ఆ ధైర్యం ఇచ్చేదే రాత్రి బట్ట. నైటీ వేసుకుంటే దాని కింద సన్న ప్యాంటు, మెడ దగ్గర బొత్తాలు ఉండేలా చూసుకోండి. ఫోనూ డబ్బులూ పెట్టుకోవడానికి లోతైన జేబు ఒకటి కుట్టించుకుంటే, నిద్రలో తలకింద పర్సు దాచుకోవాల్సిన అవసరం ఉండదు. మగవాళ్లు లుంగీకి బదులు ట్రాక్ ప్యాంటు తెచ్చుకుంటే, రోగిని పట్టి లేపేటప్పుడు కట్టు ఊడుతుందన్న భయం ఉండదు.

మన కోడలికి నాలుగో రాత్రి ఆ పరీక్ష వచ్చిందనుకుందాం. అత్తగారి కట్టు తడిసి, రక్తమూ బెటాడినూ కుర్తీకి అంటాయి. ఆ కుర్తీని దులపకూడదు, ఒంటికి హత్తుకుని మోయకూడదు. తడి భాగం లోపలికి వచ్చేలా మడిచి కవర్లో వేసి, చేతులు కడుక్కుని, దాచిన మూడో జత కట్టుకోవాలి. రక్తాన్ని ముందు చన్నీళ్లతో వదిలించాలి. వేడినీళ్లు పోస్తే రక్తంలోని మాంసకృత్తులు గట్టిపడి మరక దారాల్లోకి దిగిపోతుంది. బెటాడిన్ పచ్చిగా ఉంటే సబ్బూ నీళ్లకే పోతుంది. ఎండిపోయినదైతే విటమిన్ సి మాత్ర ఒకటి నలిపి కొద్ది నీళ్లలో కలిపి అద్దండి, అయోడిన్ రంగు విరిగిపోతుంది. ఆ తర్వాత మామూలుగా ఉతకాలి.

మరక పోలేదని వెంటనే బ్లీచ్ అందుకోవడం మాత్రం పొరపాటు. చేతులకు రాసుకునే ఆసుపత్రి మందుల్లో చాలావాటిలో క్లోర్‌హెక్సిడిన్ ఉంటుంది. అది అంటిన బట్టకు క్లోరిన్ బ్లీచ్ తగిలితే గోధుమరంగు మరక ఏర్పడుతుంది, అది మళ్లీ వదలదు. మలమూత్రాలు అంటిన తెల్ల నూలు బట్టలకు బ్లీచ్ వాడాలనుకుంటే ముందు మురికిని కడిగేసి, మామూలుగా దొరికే 5 శాతం ద్రావణాన్ని లీటరు నీటికి 10 మిల్లీలీటర్లు, అంటే రెండు చిన్న చెంచాలు కలిపి, అరగంట నానబెడితే చాలు. బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో దాన్ని ఎన్నడూ కలపకండి, విషవాయువు పుడుతుంది.

రంగుల విషయంలో ముదురు రంగులే మేలని చాలామంది చెబుతారు. నేను పైన లేత పూల అచ్చు, కింద ముదురు రంగు అంటాను. కుర్తీ మీద ఏదైనా అంటితే వెంటనే కనపడాలి, కనపడకపోతే దాంతోనే పొద్దంతా తిరుగుతాం. పైగా ఒక్కోసారి రక్తం కారుతోందని మొదట తెలిసేది మన బట్ట చూసే.

ఇంటికి వచ్చి వెళ్తుండేవాళ్లు గుమ్మంలోనే చెప్పులు విడిచి, నేరుగా స్నానానికి వెళ్లి, ఆ బట్టలను విడి బకెట్లో వేయాలి. పసివాళ్లను ఎత్తుకోవడం, మంచం మీద కూర్చోవడం దాని తర్వాతే. ఇంట్లో వేడినీళ్లూ ఎండా రెండూ ఉన్నాయి కాబట్టి ఆసుపత్రిలో కుదరని ఉతుకు ఇక్కడ కుదురుతుంది. మిషన్ ఉంటే బట్ట తట్టుకునేదాన్ని బట్టి 60 డిగ్రీల మీద పెట్టండి. రక్తం మరకలున్నవి మాత్రం ముందే చన్నీళ్లలో వదిలించి అందులో వేయాలి. రోజూ మోసుకెళ్లే సంచీ, కప్పుకునే శాలువా సాధారణంగా ఎవరికీ గుర్తు రావు. వార్డు నేల మీద పెట్టేది సంచీనే, కుర్చీలో నిద్రపోతూ మొహానికి కప్పుకునేది శాలువానే. కాబట్టి ఉతకడానికి వీలైన గుడ్డ సంచీ, పల్చటి నూలు దుప్పటి వాటి స్థానంలో పెట్టుకుని, బట్టలతోపాటే బకెట్లో వేయండి.