వేపమాను నడుము కొలుద్దాం రండి

పిల్లలూ, పెరట్లో వేపచెట్టు ఎంత లావుందో చెప్పాలంటే దాని మానుకు అడ్డంగా స్కేలు పెట్టి చూడలేం. ఈ అంచు నుంచి ఆ అంచుకు మధ్యలో కొయ్యే ఉందాయె! అందుకే ముందు చుట్టూ కొలుస్తాం, ఆ తర్వాత లెక్కకట్టి వ్యాసం తెలుసుకుంటాం.

ఎక్కడ కొలవాలి? మొదట్లో వేళ్లు ఉబ్బి మాను వెడల్పుగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. తలా ఒకచోట కొలిస్తే లెక్కలు కలవవు. మన అటవీశాఖవాళ్లు నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, అంటే నాలుగున్నర అడుగుల దగ్గర కొలుస్తారు. పెద్దవాళ్లకు సుమారుగా రొమ్ము ఎత్తు అది. నేల ఏటవాలుగా ఉంటే ఎగువ వైపు నిలబడి ఆ ఎత్తు చూడాలి. సరిగ్గా అక్కడే కణుపో బొడిపో ఉంటే ఇంకాస్త పైన, మాను నున్నగా ఉన్నచోట కొలవండి.

ఇప్పుడు టేపు చుట్టండి. బట్టలు కొలిచే టేపు చాలు, కానీ బాగా వాడి సాగిపోయినది వద్దు. ఒకరు సున్నాను బెరడుకు అదిమి పట్టుకోండి, ఇంకొకరు చుట్టూ తిరిగి రండి. మన చెట్టుకు 154 సెంటీమీటర్లు వచ్చింది. చుట్టుకొలతను 7తో హెచ్చవేసి 22తో భాగిస్తే వ్యాసం వస్తుంది. అంటే 49 సెంటీమీటర్లు. బెరడు మందం కూడా ఇందులోనే కలిసి ఉందని గుర్తుపెట్టుకోండి.

ఇక చెట్టు వెనకాలకి వెళ్లి టేపును ఓసారి చూడండి. పొరపాట్లన్నీ మనకు కనపడని ఆ వైపునే జరుగుతాయి. ముందు సరిగ్గా ఉండి, వెనక ఒక జానెడు, అంటే 20 సెంటీమీటర్లు కిందికి జారిందనుకోండి. అదే చెట్టుకు 160 వస్తుంది, వ్యాసం 51 అయి కూర్చుంటుంది. టేపు ఏటవాలైనా, వదులైనా, కింద తీగ ఇరుక్కున్నా కొలత పెరుగుతుందే తప్ప తగ్గదు. అందుకే మూడుసార్లు కొలిచి వేర్వేరుగా వస్తే, టేపు సాగలేదని నమ్మకం ఉన్నప్పుడు, నేను చిన్నదాన్నే తీసుకుంటాను. ఒక ఊరట ఏమిటంటే, చుట్టుకొలతలో మూడు సెంటీమీటర్ల తప్పు పోతే వ్యాసంలో అది ఒక్క సెంటీమీటరే.

మాను గుండ్రంగా లేకపోతే? ఒకవైపు 60, ఇంకోవైపు 40 సెంటీమీటర్లు ఉన్న కోడిగుడ్డులాంటి మాను తీసుకోండి. టేపు లెక్కలో వ్యాసం యాభైన్నర వస్తుంది. లోపలి కొయ్యకు సమానమైన గుండ్రటి మాను వ్యాసం మాత్రం 49. గుండ్రం తప్పిన ఏ చెట్టునైనా టేపు కాస్త లావు చేసే చూపిస్తుంది.

ఊళ్లో చెట్లన్నీ కొలుస్తామంటారా, ప్రతిసారీ భాగహారం ఎందుకు? పొడవాటి కాగితపు పట్టీ తీసుకుని 22 సెంటీమీటర్ల దగ్గర 7 అనీ, 44 దగ్గర 14 అనీ, 66 దగ్గర 21 అనీ రాసుకుంటూ పొండి. ఒక్కో 22ను ఏడు సమభాగాలు చేసి గీతలు కొట్టండి. చెట్టుకు చుట్టగానే పట్టీ మీద నేరుగా వ్యాసమే చదువుకోవచ్చు.