సిగరెట్ మానేసి ఏడాదైంది: స్టేటస్‌లో ఏం రాయాలి?

సిగరెట్ పెట్టెను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. 2016 నుంచి మన దేశంలో దాని ముందూ వెనకా 85 శాతం జాగా హెచ్చరికదే. 2018 నుంచి, మానాలనుకునేవాళ్లు ఫోన్ చేయడానికి 1800-112-356 అనే నంబరు కూడా అచ్చవుతోంది. పాన్‌డబ్బా దగ్గర విడిగా ఒక్కోటి కొనుక్కునేవాళ్లు ఆ బొమ్మల నుంచి తప్పించుకుంటారనుకోండి, అది వేరే సంగతి. పెట్టె కొనేవాడు మాత్రం రోజూ చూస్తూనే ఉంటాడు. అలాంటివాడికి వాట్సాప్‌లో “పొగతాగడం ప్రాణాంతకం, మీరూ మానేయండి” అని మనం చెప్పేదేముంది? పెట్టె మీద ఉన్న మాటే మళ్లీ చెప్పినట్టవుతుంది. మానేసినవాడి దగ్గర పెట్టె మీద లేని సంగతి ఒకటుంది. ఆ ఏడాది ఎలా గడిచిందో అతనికే తెలుసు.

ఒకాయన్ను ఊహించుకుందాం. కూకట్‌పల్లిలో కాపురం, నలభై దాటిన వయసు, రోజుకు ఎనిమిది సిగరెట్లు. మానేసి నేటితో సంవత్సరం. స్టేటస్‌లో పెట్టడానికి ఇలా రాసుకున్నాడు: “365 రోజులు! సంకల్పం ఉంటే సాధ్యం కానిది లేదు. 43,800 రూపాయలు మిగిల్చాను. ఊపిరితిత్తులు శుభ్రమైపోయాయి. నేను మానగా లేనిది మీరెందుకు మానలేరు?”

ఇది ఎవరెవరు చదువుతారో ముందు చూడాలి. ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర ఇంకా కాలుస్తున్న స్నేహితులు చదువుతారు. మూడుసార్లు మాని మూడుసార్లూ మళ్లీ మొదలెట్టిన బావమరిది చదువుతాడు. మొదటి పది రోజులూ ఆయన చిరాకు భరించిన భార్య చదువుతుంది. వీళ్లలో ఆ “సంకల్పం” దగ్గర గుచ్చుకునేది బావమరిదికి. తనకు సంకల్పం లేదనేగా దాని అర్థం! నిజానికి ఏ సాయమూ లేకుండా మానాలని చూసినవాళ్లలో ఎక్కువమంది ఆ ప్రయత్నంలో నిలవలేరు. చాలామందికి మానడమంటే పడుతూ లేస్తూ సాగే పనే. కాబట్టి ఆ వాక్యం కొట్టేయాలి. చివరి ప్రశ్న కూడా అంతే. “మీరు” అనే మాట ఎక్కడ వచ్చిందో వెతికి తీసేస్తే సగం ఉపన్యాసం దానంతటదే పోతుంది.

డబ్బు సంగతి. సిగరెట్ పదిహేను రూపాయలు వేసుకుంటే ఎనిమిదింటికి రోజుకు 120, ఏడాదికి 43,800. లెక్క తప్పేమీ కాదు, తప్పంతా “మిగిల్చాను” దగ్గరే. ఆ డబ్బు ఎక్కడైనా ఉందా? కొంత నికోటిన్ గమ్‌కు పోయింది, కొంత సాయంత్రం పూట మిర్చిబజ్జీలకు పోయింది, మిగతాది ఇంటి ఖర్చులో కలిసిపోయింది. విడిగా దాచి ఏదైనా కొంటే ఆ వస్తువు పేరు రాయొచ్చు. లేదంటే ఆ అంకె వదిలేయడమే నయం.

ఊపిరితిత్తుల మాట ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఏడాది మానితే గుండెజబ్బు విషయంలో పొగవల్ల అదనంగా వచ్చిన ముప్పు సుమారు సగానికి తగ్గుతుందని వైద్యులు చెబుతారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు సగానికి దిగాలంటే దాదాపు పదేళ్లు పడుతుంది. ఇవి వేలమందిని గమనించి వేసిన లెక్కలు, ఒక మనిషి ఎక్స్‌రే కాదు. “శుభ్రమైపోయాయి” అని ఆయనకెలా తెలుసు? ఆయనకు తెలిసింది మెట్లెక్కితే ఇదివరకంత ఆయాసం రావట్లేదని. అదే రాస్తే సరిపోతుంది.

ఇన్ని తీసేశాక ఏం మిగులుతుందని అడగొచ్చు. అసలు సరుకంతా అక్కడే ఉంది. మానినవాళ్లు మొదటి ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు పెరుగుతారు. మొదటి వారంలో చిరాకు, నిద్ర పట్టకపోవడం, మలబద్ధకం మామూలే. ఇంకో విచిత్రం కాఫీ, టీలది. పొగ తాగేవాడి ఒంట్లో కెఫీన్ తొందరగా కరిగిపోతుంది. మానేశాక ఆ వేగం తగ్గుతుంది కనుక పాత అలవాటు ప్రకారం నాలుగు టీలు తాగితే రాత్రి పన్నెండింటికి కూడా కళ్లు మూతపడవు. ఇది తెలియక, నిద్ర రాకపోవడం కూడా మానేసినందుకే అనుకుని మళ్లీ అంటించేవాళ్లుంటారు. ఇక కలలు. కలలో హాయిగా సిగరెట్ కాల్చి, అయ్యో పాడుచేసుకున్నానే అని ఉలిక్కిపడి లేవడం మానినవాళ్లలో చాలామందికి అనుభవమే. చదివేవాడిని నవ్వించి, పక్కన కూర్చోబెట్టుకునే వాక్యం ఇదే.

మరి మధ్యలో ఒకటి కాలిస్తే? మన ఆయన మార్చిలో ఒక పెళ్లిలో ఒకటి కాల్చాడు. ఏడాది పోయినట్టేనా? మానిపించే చికిత్సలు ఎంత పనిచేస్తున్నాయో కొలవడానికి పరిశోధకులు వాడే “రస్సెల్ స్టాండర్డ్” అనే కొలమానం మొత్తం గడువులో అయిదు సిగరెట్ల దాకా జారినా ఆ మనిషిని మానినవాడిగానే లెక్కిస్తుంది. అంటే ఏడాది పోలేదు. అలాగని “365 రోజులు” అని రాయకూడదు. “ఏడాదైంది, మధ్యలో ఒకటి కాల్చాను” అంటే చాలు. ఆ ఒక్క ముక్కే బావమరిదికి పనికొస్తుంది. జారితే ఆట ముగిసినట్టేనని ఇన్నాళ్లూ అనుకున్నది అతనే.

ఇవన్నీ చూసుకుని తిరగరాస్తే ఇలా వస్తుంది: “మానేసి ఏడాదైంది. మొదటి పది రోజులు ఇంట్లోవాళ్లకు నరకం చూపించాను, పాపం. మార్చిలో ఒక పెళ్లిలో ఒకటి కాల్చాను. నాలుగు కిలోలు పెరిగాను. కలలో ఇంకా కాలుస్తూనే ఉన్నాను. మెలకువలో మాత్రం లేదు.”

ఫొటో విషయంలో ఒక్క మాట. విరిచిన సిగరెట్, ఆరిపోయిన పీకలు చాలామంది పెడుతుంటారు. కొత్తగా మానినవాళ్లకు ఆ బొమ్మ కనబడితేనే కోరిక రేగుతుంది. నాలుగు కిలోలు పెరిగిన మన మొహమే పెట్టుకోవడం మేలు.

మందు మానినవాళ్లకు కూడా ఈ పద్ధతి చాలావరకు సరిపోతుంది గానీ ఒకచోట తేడా ఉంది. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మూర్ఛలు రావొచ్చు, మతి భ్రమించి ప్రాణం మీదికి రావొచ్చు. ఆసుపత్రిలో చేరి మందులతో మానినవాడు “ఒక్కరోజులో బంద్ పెట్టేశా” అని గొప్పకు రాస్తే, అది చదివి ఇంట్లోనే ప్రయత్నించేవాడికి ప్రమాదం. డాక్టర్ దగ్గరికి వెళ్లానని ఒక ముక్క రాయాల్సిందే. ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు వెళ్లేవాళ్లయితే, అక్కడ కలిసినవాళ్ల పేర్లు గానీ, గ్రూప్ ఫొటో గానీ స్టేటస్‌లోకి రాకూడదు. పేర్లు బయటపెట్టకపోవడమే ఆ సంస్థ పద్ధతి.

ఇలాంటి స్టేటస్ కింద ఒకరిద్దరైనా “ఎలా మానావన్నా?” అని విడిగా మెసేజ్ పెడతారు. వివరాలు చెప్పాల్సింది అప్పుడే. గమ్ వాడి ఉంటే, దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమలకూడదని చెప్పాలి. ఘాటు తగిలేదాకా మెల్లగా నమిలి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. అలా అరగంట. అంతకుముందు పావుగంటలో టీ, కాఫీ తాగితే నికోటిన్ సరిగా ఒంటికి పట్టదు. పొద్దున లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ అంటించే అలవాటున్నవాడికి 2 మిల్లీగ్రాముల గమ్ సరిపోకపోవచ్చు. అతణ్ని డాక్టర్‌ని అడగమనాలి, లేదా చేతిలో ఉన్న పెట్టె తిప్పి ఆ నంబరుకు ఫోన్ చేయమనాలి.