ముప్పై ఒకటో చోటు

క్రీ.శ. 67లో రోమన్ సైన్యం గలిలయలోని యోద్‌ఫత్ కోటను పట్టుకుంది. యూదుల సేనాని జోసెఫస్ మరో 40 మందితో ఒక గుహలో చిక్కాడు. లొంగిపోవడం కంటే చావే మేలని వాళ్లు ఒకరి చేతిలో ఒకరు చనిపోయారు. చివరికి జోసెఫస్, ఇంకొకడు మిగిలి రోమన్లకు లొంగిపోయారు. చీట్లు వేసుకున్నామని ఆయన తన గ్రంథంలో రాశాడు. గుండ్రంగా నిలబడి ప్రతి మూడోవాణ్ణీ తీసేశారన్నది తర్వాత ప్రచారంలోకి వచ్చిన కథ. లెక్కలవాళ్లకు నచ్చింది మాత్రం ఈ రెండోదే.

ఏడుగురితో ఆడి చూద్దాం. కంప్యూటర్ వరుసను సున్నా నుంచి లెక్కపెడుతుంది కాబట్టి మొదటివాడి స్థానం 0. మూడోవాడు కావాలంటే రెండడుగులు వేస్తే చాలు. స్థానానికి 2 కలిపి, అప్పటికి ఉన్నవాళ్ల సంఖ్యతో భాగించి శేషం తీసుకోవాలి. వరుస చివర దాటితే మళ్లీ మొదటికి తెచ్చేది ఆ శేషమే. ముందు స్థానం 2, అంటే మూడోవాడు పోయాడు. వెనకవాళ్లు ముందుకు జరిగారు కనుక స్థానం 2లో ఇప్పుడు నాలుగోవాడున్నాడు. 2+2=4, అక్కడున్న ఆరోవాడు పోయాడు. 4+2=6, ఐదుగురే ఉన్నారు కనుక శేషం 1, రెండోవాడు పోయాడు. ఇలాగే 7, 5, 1 పోతారు. మిగిలేది నాలుగోవాడు.

ఇక్కడ చాలామంది 2కు బదులు 3 కలుపుతారు. ఒకరు పోగానే వరుస తనంతట తనే ఒకడుగు జరిగిందన్న సంగతి మరిచిపోతారు. ‘ప్రతి ఒకటోవాడు’ అని పెట్టి చూస్తే తప్పు దొరికిపోతుంది. అప్పుడు అందరూ వరుసగా పోయి ఆఖరివాడే మిగలాలి.

ఈ పద్ధతిలో భారమంతా జరపడంలోనే ఉంది. లక్షమంది ఉంటే జరపడాలే సుమారు 250 కోట్లు అవుతాయి.

మిగిలేదెవరో మాత్రమే కావాలంటే ఎవరినీ తీసేయక్కర్లేదు. ఏడుగురిలో మూడోవాడు పోయాక లెక్క నాలుగోవాడి దగ్గర మొదలవుతుంది. అతనికి కొత్తగా 0 అని నంబరిస్తే, ఇక మిగిలింది ఆరుగురి ఆటే. అతని పాత స్థానం 3. అంటే ఆరుగురి ఆటలో గెలిచే స్థానానికి 3 కలిపి 7తో శేషం తీస్తే ఏడుగురి ఆటకు జవాబు వస్తుంది. ఒక్కడే ఉన్నప్పుడు జవాబు 0. అక్కడినుంచి పైకి ఎక్కడమే:

```python
def last(n, k):
    r = 0
    for m in range(2, n + 1):
        r = (r + k) % m
    return r + 1
```

ఇద్దరి నుంచి ఏడుగురి దాకా `r` విలువలు 1, 1, 0, 3, 0, 3. ఆఖరి 3కు ఒకటి కలిపితే నాలుగోవాడే వచ్చాడు. లక్షమందికి లక్ష కూడికలైనా పట్టవు, వరుసను దాచుకోవడానికి చోటూ అక్కర్లేదు. అయితే ఎవరి తర్వాత ఎవరు పోయారో ఇది చెప్పదు. ఆ క్రమం కావాలంటే మొదటి పద్ధతికో, అంతకన్నా తెలివైన మరో అమరికకో వెళ్లాల్సిందే.

గుహలోని 41 మందికి `last(41, 3)` ఇచ్చే జవాబు 31. ఆ రెండో మనిషి నిలబడాల్సిన చోటు మాత్రం ఈ సూత్రం చెప్పదు. మొదటి పద్ధతిలో ఓపిగ్గా తీసుకుంటూ వెళ్తే అది 16 అని తేలుతుంది.