రెండు గంటల దగ్గర డి మేజర్

కీబోర్డ్ నేర్చుకునే పిల్లల పుస్తకం తెరిస్తే, ప్రతి పాట మొదట్లో అయిదు గీతల మీద కొన్ని షార్ప్ గుర్తులో, ఫ్లాట్ గుర్తులో కనిపిస్తాయి. అదే కీ సిగ్నేచర్. ఫలానా స్వరాన్ని పాట పొడుగునా అర మెట్టు పైకి వాయించాలంటే షార్ప్, కిందికి వాయించాలంటే ఫ్లాట్. డి మేజర్‌కు రెండు షార్పులు, ఏ మేజర్‌కు మూడు అంటూ పిల్లలు ఎక్కాల్లా బట్టీ పడుతుంటారు. ఒక గడియారం బొమ్మ గీసుకుంటే ఆ బాధ లేదు.

పన్నెండు దగ్గర సి రాయండి. సి, డి, ఈ, ఎఫ్, జి అని సి నుంచే లెక్కపెడితే అయిదోది జి. అది ఒంటిగంట దగ్గర. జి నుంచి అయిదోది డి, అది రెండు గంటల దగ్గర. ఆ తర్వాత ఏ, ఈ, బి. మన లెక్కలో చెప్పాలంటే, స నుంచి ప కి వెళ్లి, ఆ ప నే మళ్లీ స అనుకుంటూ పోవడం. ఇలా ఆరు గంటల వరకు గంట ఎంతో షార్పులు అన్ని. చాలామంది తప్పటడుగు వేసేది అయిదు గంటలు దాటాకే. బి నుంచి అయిదోది కదా అని ఎఫ్ రాసేస్తారు. నల్లవీ తెల్లవీ కలిపి ఏడు మెట్లు పైకెక్కాలి. బి నుంచి ఎఫ్‌కు ఉన్నవి ఆరే. అందుకని ఆరు గంటల దగ్గర రాయాల్సింది ఎఫ్ షార్ప్.

గంటకొక షార్ప్ ఎందుకు పెరుగుతుంది? దీనికి జవాబు కర్ణాటక సంగీతం వచ్చినవాళ్లకు ముందే తెలుసు. సి మేజర్ స్వరాలు మన శంకరాభరణం స్వరాలే. వాటిలో పంచమాన్ని షడ్జం చేసుకుని అవే తెల్ల మెట్లు వాయిస్తే మళ్లీ శంకరాభరణం రాదు, హరికాంభోజి వస్తుంది. రెంటికీ తేడా ఒక్క నిషాదంలోనే. హరికాంభోజిది కైశికి, శంకరాభరణానిది కాకలి. ఆ ని ని అర మెట్టు పెంచితే చాలు. జి కి ని స్థానంలో ఉన్నది ఎఫ్ కాబట్టి అది ఎఫ్ షార్ప్ అవుతుంది. అంటే కొత్తగా చేరే షార్ప్ ఎప్పుడూ కొత్త కీకి ని. దీన్ని తిరగేస్తే మంచి ఉపాయం దొరుకుతుంది. సిగ్నేచర్‌లో చివరి షార్ప్ చూసి అర మెట్టు పైకెళ్లండి, అదే మేజర్ కీ పేరు. ఎఫ్ షార్ప్, సి షార్ప్ ఉన్నాయనుకోండి. సి షార్ప్ పైన డి.

ఫ్లాట్లకు గడియారాన్ని వెనక్కి తిప్పాలి. పదకొండు దగ్గర ఎఫ్‌కు ఒక ఫ్లాట్, పది దగ్గర బి ఫ్లాట్‌కు రెండు, తొమ్మిది దగ్గర ఈ ఫ్లాట్‌కు మూడు. ఇక్కడ చివరి నుంచి రెండో ఫ్లాటే కీ పేరు. ఒకే ఒక్క ఫ్లాట్ ఉన్న ఎఫ్‌కు మాత్రం ఈ ఉపాయం పారదు, దాన్ని గుర్తు పెట్టుకోవలసిందే.

అయితే సిగ్నేచర్ ఒక్కటే చూసి కీ తేల్చెయ్యకూడదు. ప్రతి మేజర్‌కూ అవే గుర్తులున్న ఒక మైనర్ ఉంటుంది, మూడు అర మెట్ల కింద. డి కి అది బి మైనర్. పాట బి దగ్గర సేద తీరుతూ, సిగ్నేచర్‌లో లేని ఏ షార్ప్ మాటిమాటికీ తగులుతుంటే అది డి మేజర్ కాదు, బి మైనర్. ఈ మైనర్లను గడియారం లోపలి వరసలో, ఎవరి జోడీ కింద వాళ్లను రాసుకోండి.

ఇప్పుడు డి చుట్టూ చూడండి. ఒక పక్క జి, ఇంకో పక్క ఏ. లోపలి వరసలో ఈ మైనర్, బి మైనర్, ఎఫ్ షార్ప్ మైనర్. ఈ అయిదూ డి కి దగ్గరి చుట్టాలు, ఏ ఒక్కదాని సిగ్నేచర్‌లోనూ ఒక గుర్తుకు మించి తేడా ఉండదు. డి నుంచి ఏ కి వెళితే జి ఒక్కటే జి షార్ప్‌గా మారుతుంది, చెవికి పెద్ద కుదుపు తెలియదు. అదే ఈ ఫ్లాట్‌కు వెళ్లి చూడండి. కీబోర్డ్ మీద డి కి ఆనుకునే ఉంటుంది, గడియారంలో మాత్రం అయిదు గంటల దూరం. రెండు స్కేళ్లకూ ఉమ్మడిగా మిగిలేవి డి, జి రెండే. పాట చివర్లో అర మెట్టు ఎత్తి పాడితే వినేవాళ్లు ఉలిక్కిపడేది ఇందుకే.

ఈ చుట్టరికం కీ మారినప్పుడే కాదు, ఒకే కీలోని కార్డుల్లోనూ కనిపిస్తుంది. పాహెల్‌బెల్ కానన్ ఇన్ డి పెళ్లి వీడియోల్లో కూడా వినే ఉంటారు. దాని అడుగున తిరిగే కార్డుల వరస ఇది: డి, ఏ, బి మైనర్, ఎఫ్ షార్ప్ మైనర్, జి, డి, జి, ఏ. గడియారం మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ చూసుకోండి. వేలు డి నీ, దాని చుట్టాలనూ దాటి బయటికి పోదు. ఆ అయిదుగురిలో ఈ వరసకు రానిది ఈ మైనర్ ఒక్కటే. ఏడో కార్డుగా వచ్చే జి బదులు దాన్ని వాయించి చూడండి, అదీ ఇంటివాళ్లలో కలిసిపోతుంది.